గుంతలో పడి కారు పాడైతే ఇన్సూరెన్స్ వస్తదా? ఎదురుగా ఏ బండీ లేకపోతే?

మోతె నుంచి మీ అన్నని మాట్లాడుతున్నా. పోయిన వీడియో కింద ఒక తమ్ముడు ఇట్లా అడిగిండు: "అన్నా, రాత్రి గుంతలో పడి రిమ్ వంగింది. నాకు ఎవరూ గుద్దలేదు, నేను ఎవర్నీ గుద్దలేదు. ఇన్సూరెన్స్ వస్తదా?" ఈ ప్రశ్నకు జవాబు నాకు చాలా బాగా తెలుసు. ఎందుకంటే నా కారుకే ఇది జరిగింది. ఎంత బిల్లు అయింది, అందులో ఎంత వచ్చింది, ఏది రాలేదు, ఎందుకు రాలేదు, అన్నీ లెక్కలతో చెప్తాను.

2024 సెప్టెంబర్ మొదట్లో కురిసిన వాన మన కోదాడ, నడిగూడెం, మునగాల, మోతె వాళ్లకు గుర్తుండే ఉంటుంది. సాగర్ ఎడమ కాలువకు గండి పడ్డ వాన అది. ఆ వాన తగ్గాక వారం రోజులకు, రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతంలో, సూర్యాపేటలో పెళ్లికి బయలుదేరాను. ఊరు దాటి మెయిన్ రోడ్డు ఎక్కకముందే ఎదురుగా ట్రాక్టర్ లైటు కళ్లలో పడింది. రోడ్డు మీద నీళ్లు నిలిచి ఉన్నాయి. చూడటానికి రెండు అంగుళాల నీళ్లే అనుకున్నా. కానీ కింద జానెడు లోతు గుంత ఉంది. ముందు ఎడమ చక్రం అందులో దిగి, గుంత అంచుకు కొట్టుకొని పైకి లేచింది. "ఠంగ్" అని చప్పుడు. స్టీరింగ్ ఎడమకు లాగడం మొదలైంది.

ఇక్కడే మనలో చాలామంది తప్పు చేస్తారు. "పోనీలే, పోయేదాకా పోదాం" అని బండిని అట్లాగే తోలుతారు. నేను కూడా ఒక వంద మీటర్లు తోలాను, అబద్ధం ఎందుకు. తర్వాత ఆపి చూస్తే టైర్ పక్కన కోసుకుపోయి గాలి మొత్తం దిగిపోయింది, రిమ్ అంచు లోపలికి వంగింది. ఫోన్ లైటు వేసి ఇంజిన్ కింద చూశాను. ఎందుకంటే గుంత అంచు ఇంజిన్ కింద ఉండే ఆయిల్ పాత్రకు, అదే ఆయిల్ సంప్‌కు తగిలితే ఆయిల్ కారిపోతుంది. ఆయిల్ లేకుండా ఐదు నిమిషాలు తోలితే ఇంజిన్ పట్టేస్తుంది. నా అదృష్టం, ఆయిల్ కారడం లేదు.

పాలసీలో ఒక షరతు ఉంటుంది. ప్రమాదం జరిగాక రిపేరు చేయించకుండా బండి నడిపితే, దానివల్ల పెరిగిన నష్టం యజమానిదే. అంటే సంప్ పగిలింది గుంత వల్ల కాబట్టి దానికి డబ్బులు ఇస్తారు. కానీ సంప్ పగిలాక మనం తోలడం వల్ల ఇంజిన్ పోతే దానికి ఇవ్వరు. సంప్ ఖర్చు వేలల్లో ఉంటే ఇంజిన్ ఖర్చు లక్షల్లో ఉంటుంది. అందుకే చప్పుడు వచ్చిన వెంటనే పక్కకు ఆపి కింద చూడండి. మామూలు కారు పాలసీలో బండిని దగ్గరి వర్క్‌షాప్‌కు లాక్కెళ్లే ఖర్చుకు 1,500 రూపాయల వరకు ఇస్తారు, దాన్ని వాడుకోండి.

నేను ఆ రాత్రే మూడు రకాల ఫొటోలు తీశాను. గుంత కనిపించేలా రోడ్డుది ఒకటి. నంబర్ ప్లేటు, పాడైన చక్రం కలిసి కనిపించేలా ఒకటి. రిమ్ మీద గీత దగ్గరి నుంచి ఒకటి. తర్వాత అక్కడి నుంచే కంపెనీ నంబర్‌కు ఫోన్ చేసి క్లెయిమ్ నంబర్ తీసుకున్నాను. జరిగిన వెంటనే తెలియజేయాలని పాలసీలోనే రాసి ఉంటుంది. మూడు వారాల తర్వాత చెప్తే "ఇది ఆ రోజు దెబ్బేనా, కాదా" అన్న అనుమానం మన మీదికి వస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. పొద్దున మా ఊళ్లో తెలిసినాయన ఒకాయన సలహా ఇచ్చిండు. "గుంత అని చెప్తే రూపాయి రాదురా. బైక్ వాడెవడో గుద్ది పారిపోయిండని చెప్పు." దయచేసి ఈ పని చేయకండి. మొదటి కారణం, అబద్ధం చెప్తే అచ్చంగా వచ్చే క్లెయిమ్ కూడా పోతుంది. బైక్ గుద్దితే బంపర్‌కో, ఫెండర్‌కో దెబ్బ ఉండాలి. పైన గీత కూడా లేకుండా కింద లోయర్ ఆర్మ్ వంగిందంటే సర్వేయర్‌కు చూడగానే అర్థమైపోతుంది. రెండో కారణం, అసలు అబద్ధం చెప్పాల్సిన అవసరమే లేదు.

ఎందుకు లేదో చెప్తా. కార్ ప్యాకేజీ పాలసీ తెరిస్తే మొదటి సెక్షన్‌లో ఏయే కారణాల వల్ల బండి పాడైతే ఇస్తారో వరుసగా ఉంటుంది. అగ్ని, దొంగతనం, అల్లర్లు, భూకంపం, వరద, ఇట్లా. ఆ వరుసలోనే "యాక్సిడెంటల్ ఎక్స్‌టర్నల్ మీన్స్" అని ఒక మాట ఉంటుంది. అంటే అనుకోకుండా, బయటి వస్తువు వల్ల జరిగిన నష్టం. అందులో ఇంకో బండి ఉండాలని ఎక్కడా లేదు. చెట్టుకు గుద్దినా, గోడకు రాసుకున్నా, గుంతలో పడ్డా బయటి వస్తువే. ఇంకో బండి, ఇంకో మనిషి అవసరమయ్యేది థర్డ్ పార్టీ క్లెయిమ్‌లో. ఓన్ డ్యామేజ్ అంటే పేరులోనే ఉంది, మన బండికి జరిగిన నష్టం. ఎవరికీ గాయాలు లేవు, ఎవరి ఆస్తీ పాడవలేదు కాబట్టి నన్ను ఎఫ్ఐఆర్ కూడా అడగలేదు. డ్రైవింగ్ లైసెన్స్, ఆర్సీ, పాలసీ, క్లెయిమ్ ఫారం, అంతే. తాగి నడిపితే మాత్రం ఏ గుంతకూ డబ్బులు రావు, అది సూటిగా రాసి ఉంటుంది.

అయితే మీ దగ్గర ఓన్ డ్యామేజ్ ఉందా అన్నది ముందు చూసుకోవాలి. ముఖ్యంగా బైకు వాళ్లు. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త బైకు కొంటే ఐదేళ్ల థర్డ్ పార్టీ, కొత్త కారు కొంటే మూడేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి కట్టించుకుంటున్నారు. కానీ ఓన్ డ్యామేజ్ చాలాసార్లు ఒక్క ఏడాదికే ఉంటుంది. బైకు కొని రెండేళ్లయిన తమ్ముణ్ని అడగండి, "నాకు ఐదేళ్ల ఇన్సూరెన్స్ ఉందన్నా" అంటాడు. పోలీసు ఆపితే అది చాలు. గుంతలో పడి ఫోర్క్ వంగితే అది పనికిరాదు, ఎందుకంటే ఓన్ డ్యామేజ్ ఏడాది కిందే అయిపోయింది. ఫోన్‌లో పాలసీ పీడీఎఫ్ తెరవండి. అందులో రెండు వేర్వేరు తేదీలు ఉంటాయి, ఒకటి థర్డ్ పార్టీకి, ఒకటి ఓన్ డ్యామేజ్‌కు. రెండో తేదీ చూడండి. అది దాటిపోయి ఉంటే, 2019 సెప్టెంబర్ నుంచి ఓన్ డ్యామేజ్ ఒక్కటే విడిగా కొనుక్కునే వీలుంది.

సరే, నా కారు సూర్యాపేటలో వర్క్‌షాప్‌కు చేరింది. చక్రం విప్పాక మెకానిక్ లిస్టు రాసిండు. ఎడమ వైపు రిమ్, టైర్, లోయర్ ఆర్మ్, షాకర్, షాకర్ పైన ఉండే రబ్బర్ మౌంటు. వీటితో పాటు కుడి వైపు షాకర్, రెండు బుష్‌లు కూడా వేసిండు. "జోడీగా మారిస్తేనే మంచిది" అన్నాడు. ఆయన చెప్పింది మెకానిక్ లెక్కలో సరైనదే.

కంపెనీ పంపిన సర్వేయర్ వచ్చి చూసిండు. రిమ్, లోయర్ ఆర్మ్ ఒప్పుకున్నాడు. రెండు షాకర్లూ, బుష్‌లూ కొట్టేసిండు. ఏమని? "వేర్ అండ్ టేర్." అరిగిపోవడం. పాలసీలో ఇది నిజంగానే మినహాయింపు. వాడకం వల్ల అరిగినవి, తనంతట తానే చెడిపోయినవి ఇవ్వరు. ఆయన వాదన ఏందంటే, "రెండు షాకర్లకూ ఆయిల్ లీక్ ఉంది. గుంతలో పడింది ఒక్క చక్రమే కదా. కాబట్టి ఇవి ముందే పోయినవి."

గుంత క్లెయిమ్‌లో అసలు గొడవ ఇక్కడే వస్తుంది. ఇంకో బండి లేదని ఎవరూ ఆపరు. పార్టు దెబ్బ వల్ల పోయిందా, అరిగి పోయిందా అన్నదే ప్రశ్న. దీన్ని కంటితో చూసి చెప్పొచ్చు, నేనూ ఆ రోజే నేర్చుకున్నా.

మెకానిక్ రెండు షాకర్లూ విప్పి పక్కపక్కన పెట్టిండు. కుడి దాని మీద కారిన ఆయిల్‌కు దుమ్ము పట్టి నల్లగా గట్టిపడి ఉంది. అది నెలల కిందటి లీక్. ఎడమ దాని మీద ఆయిల్ తడిగా, శుభ్రంగా ఉంది. అంతకన్నా పెద్ద రుజువు, ఎడమ షాకర్ లోపలి రాడ్ వంగి ఉంది. చేత్తో నొక్కితే సగంలో పట్టేస్తుంది. అరిగిపోయిన షాకర్ ఆయిల్ కారుస్తుంది, మెత్తబడుతుంది, కానీ దాని రాడ్ వంగదు. రాడ్ వంగాలంటే ఒక్కసారిగా గట్టి దెబ్బ పడాల్సిందే. బుష్‌లు చూస్తే రబ్బరు ఎండిపోయి పగుళ్లు వచ్చాయి. ఒక్క రాత్రిలో రబ్బరు ఎండదు. అంటే బుష్‌ల విషయంలో, కుడి షాకర్ విషయంలో సర్వేయర్ చెప్పిందే నిజం. ఎడమ షాకర్ విషయంలో మాత్రం తప్పు.

నేను గొంతు పెంచలేదు. వంగిన రాడ్‌కు స్కేలు ఆనించి వీడియో తీశాను. రిమ్ వంగిన చోటు, లోయర్ ఆర్మ్ మీద కొత్త గీత, షాకర్ రాడ్, మూడూ ఒకే మూలలో ఉన్నాయని ఫొటోలు పెట్టి, "ఎడమ షాకర్ ఒక్కటి మళ్లీ చూడండి, మిగతావాటిని నేను అడగడం లేదు" అని క్లెయిమ్ నంబర్ వేసి మెయిల్ చేశాను. రెండో రోజు సర్వేయర్ మళ్లీ వచ్చి, చేత్తో నొక్కి చూసి ఒప్పుకున్నాడు. ఇందులో గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. సర్వేయర్ చూసేదాకా పాత పార్టును వర్క్‌షాప్ నుంచి బయటికి పోనివ్వకండి. అది పాత ఇనుము వాడి దగ్గరికి పోయిందంటే మీ రుజువు పోయినట్టే.

టైర్ గురించి వేరేగా చెప్పాలి. పాలసీలో టైర్లకు, ట్యూబులకు ఒక ప్రత్యేక నిబంధన ఉంది. టైర్ ఒక్కటే పాడైతే ఏమీ ఇవ్వరు. టైర్‌తో పాటు అదే దెబ్బకు బండి కూడా పాడైతే, కొత్త టైర్ ఖరీదులో సగం ఇస్తారు. గుంతలో పడ్డాక టైర్ పక్కన గుడ్డులా ఉబ్బు వచ్చిందనుకోండి. లోపలి దారాలు తెగిపోయాయని అర్థం, ఆ టైర్ మీద నమ్మకం పెట్టుకోవద్దు, మార్చాల్సిందే. కానీ రిమ్‌కు గానీ, సస్పెన్షన్‌కు గానీ ఏ దెబ్బా లేకపోతే మామూలు పాలసీలో దానికి రూపాయి రాదు. నా కారుకు రిమ్, ఆర్మ్ కూడా పోయాయి కాబట్టి సగం వచ్చింది. టైర్ ఒక్కటే పోయినా ఇచ్చే యాడ్ ఆన్ వేరేగా అమ్ముతారు. మన లాంటి రోడ్ల మీద తిరిగేవాళ్లు దాని ధర అడిగి చూడొచ్చు.

ఇప్పుడు లెక్క. నా కారు 2021 మేలో కొన్నది, 1200 సీసీ. అంటే అప్పటికి మూడేళ్ల నాలుగు నెలలు. మూడేళ్లు దాటి నాలుగేళ్ల లోపు ఉన్న బండికి ఇనుప పార్టుల మీద 25 శాతం తరుగు తీస్తారు. రబ్బరు, ప్లాస్టిక్ వాటికి బండి వయసుతో పని లేదు, 50 శాతం పోతుంది. నాకు జీరో డిప్రిసియేషన్ లేదు. ట్యాక్సులతో కలిపి చెప్తున్నా.

రిమ్ 7,200. ఇచ్చింది 5,400.
లోయర్ ఆర్మ్ 2,800. ఇచ్చింది 2,100.
ఎడమ షాకర్ 3,600. ఇచ్చింది 2,700.
రబ్బర్ మౌంటు 600. ఇచ్చింది 300.
టైర్ 4,800. ఇచ్చింది 2,400.
అలైన్‌మెంట్‌తో కలిపి లేబర్ 2,400. ఇది మొత్తం ఇచ్చిండ్రు.

అన్నీ కూడితే ఇచ్చేది 15,300. ఇందులోంచి ప్రతి క్లెయిమ్‌కు తప్పనిసరిగా కోసే మొత్తం ఒకటుంటుంది. 1500 సీసీ లోపు కారుకు మామూలుగా 1,000. అది పోగా నాకు వచ్చింది 14,300. నేను కట్టింది ఎంత? ఈ పార్టుల్లో నా వాటా 7,100. కుడి షాకర్, బుష్‌లు క్లెయిమ్‌లో లేవు, అవి 4,800. మొత్తం బిల్లు 26,200 అయితే నా జేబులోంచి 11,900 పోయింది. "ఇన్సూరెన్స్ ఉంది కదా, అంతా వాళ్లే ఇస్తరు" అనుకొని పోతే అక్కడ షాక్ తినేది మనమే.

ఎడమ షాకర్ కోసం నేను రెండు రోజులు ఆగింది 2,700 రూపాయల కోసం. అది చిన్న మొత్తమే అనిపించొచ్చు. కానీ అదే వాదన రేపు స్టీరింగ్ ర్యాక్ మీద వస్తే పదుల వేలు. అప్పుడు ఏం చూపించాలో మీకు తెలిసి ఉండాలి.

ఇంకో లెక్క చాలామంది వేయరు. క్లెయిమ్ చేస్తే నో క్లెయిమ్ బోనస్ పోతుంది. నేను మూడేళ్లు క్లెయిమ్ చేయలేదు కాబట్టి అప్పుడు నాకు 35 శాతం తగ్గింపు ఉంది. క్లెయిమ్ చేయకపోతే తర్వాతి ఏడు 45, ఆ పైన 50. చేస్తే సున్నాకు పడిపోయి మళ్లీ 20, 25, 35, 45 అని మెట్టు మెట్టుగా ఎక్కాలి. ఈ తగ్గింపు ఓన్ డ్యామేజ్ ప్రీమియం మీదనే, థర్డ్ పార్టీ మీద కాదు. నా ఓన్ డ్యామేజ్ ప్రీమియం తగ్గింపుకు ముందు 6,000 అనుకుందాం. మొదటి ఏడు 2,700 నష్టం. తర్వాత 1,800, 1,500, 900, 300. ఐదేళ్లలో మొత్తం 7,200. బండి విలువ ఏటా తగ్గుతుంది, ప్రీమియం కూడా తగ్గుతుంది కాబట్టి అసలు నష్టం ఇంతకన్నా తక్కువే ఉంటుంది. వచ్చింది 14,300, పోయేది ఎక్కువలో ఎక్కువ 7,200. కాబట్టి నేను క్లెయిమ్ చేయడం లాభమే.

అదే నా కారుకు ఒక్క లోయర్ ఆర్మ్ మాత్రమే వంగి ఉంటే? లేబర్ ఒక వెయ్యి అనుకుందాం. వచ్చేది 2,100 ప్లస్ 1,000, అందులోంచి 1,000 కోత, చేతికి 2,100. దానికోసం ఏడు వేల బోనస్ పోగొట్టుకోవడం తెలివి కాదు. సొంతంగా చేయించుకోవడమే మేలు. అందుకే ముందు వర్క్‌షాప్‌లో ఎస్టిమేట్ తీసుకోండి, తరుగు తీసి మీ చేతికి ఎంత వస్తుందో రాసుకోండి, బోనస్ నష్టం పక్కన పెట్టండి, అప్పుడు నిర్ణయించుకోండి. నో క్లెయిమ్ బోనస్ ప్రొటెక్షన్ అనే యాడ్ ఆన్ ఉంటే లెక్క మారుతుంది, అది మీ పాలసీలో చూసుకోండి.

ఒకవేళ సర్వేయర్ మళ్లీ చూసినా ఒప్పుకోకపోతే? నోటి మాటతో వదిలేయకండి. ఏ పార్టు, ఏ నిబంధన కింద కొట్టేశారో రాతపూర్వకంగా అడగండి. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. నెల దాటినా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, హైదరాబాద్‌లో ఉన్న ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ వాళ్లకు ఆ ఆఫీసే. కంపెనీ కాదన్న నాటి నుంచి ఏడాది లోపు రాయాలి. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు. ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్, 155255 నంబర్ కూడా ఉన్నాయి. కానీ ఎక్కడికి పోయినా అడిగేది అవే ఫొటోలు, అదే పాత పార్టు.

తమ్ముడూ, నీ ప్రశ్నకు జవాబు ఇది. వస్తది. ఎదురుగా బండి లేకున్నా వస్తది, నీ పాలసీలో ఓన్ డ్యామేజ్ తేదీ దాటకపోతే. రిమ్ ఒక్కటే వంగి ఉంటే మాత్రం ఫోన్ చేసే ముందు కాగితం మీద లెక్క వేసుకో. బైకు నడిపేవాళ్లు ఈ వీడియో అయిపోగానే పీడీఎఫ్ తెరిచి ఆ రెండో తేదీ ఏముందో కింద కామెంట్‌లో రాయండి. ఎంతమందికి దాటిపోయిందో నేను కూడా చూస్తా. ఇంకో సంగతి, నేను పడ్డ ఆ గుంతలో ఇప్పుడు మట్టి పోసిండ్రు. వానలో మట్టి నిలబడదు. మోతె వైపు రాత్రి వచ్చేవాళ్లు నీళ్లు నిలిచిన చోట నిదానంగా రండి. ఉంటా మరి.